అగ్రానమీ ఎంఎస్‌కి ఎస్‌ఓపీ: పొలంలో చేసిన పనిని ఎలా రాయాలి

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ అయ్యాక కళ్యాణదుర్గం దగ్గర రైతు భరోసా కేంద్రంలో (ఇప్పుడు రైతు సేవా కేంద్రం) నాలుగేళ్లు పనిచేశాను. అమెరికాలో అగ్రానమీ ఎంఎస్‌కి, థీసిస్ ఉన్న కోర్సుకి అప్లై చేస్తున్నా. ఎస్‌ఓపీలో "12 మంది రైతుల పొలాల్లో కొత్త వేరుశనగ రకం, విత్తనశుద్ధి, జిప్సం వేయించి దిగుబడి 25 శాతం పెంచాను. రైతుల్లో అవగాహన కల్పించాను" అని రాశాను. ఇది నా ఎక్స్‌టెన్షన్ అనుభవాన్ని సరిగ్గా చూపిస్తుందా? ఎలా మార్చాలి?

జవాబు:

మీ ఎస్‌ఓపీ మొత్తంలో అసలు సరుకు ఉన్నది ఆ రెండు వాక్యాల్లోనే, దెబ్బతినేదీ అక్కడే. థీసిస్ కోర్సులో మీ ఫైలు చివరికి ఒక ప్రొఫెసర్ ముందుకి వెళ్తుంది. తన ప్రాజెక్టు డబ్బులోంచి మీకు అసిస్టెంట్‌షిప్ ఇవ్వాల్సినాయన ఆయనే. ఆయన పని ప్రయోగాలు వేయడం, ఇతరుల ప్రయోగాల్లో తప్పులు పట్టడం. "25 శాతం పెంచాను" అని చదవగానే ఆయనకి సంతోషం కలగదు, ప్రశ్నలు పుడతాయి. వాటికి జవాబులు పక్క వాక్యంలో లేకపోతే, ఈ అభ్యర్థికి ప్రదర్శనకీ ప్రయోగానికీ తేడా తెలియదని అనుకుంటాడు.

ముందు ఆ 25 శాతం సంగతి చూద్దాం. రైతు సొంత పద్ధతిలో ఎకరాకు 6 బస్తాలు, ప్రదర్శన పొలంలో 7.5 బస్తాలు వచ్చాయనుకుందాం. బస్తా 40 కిలోలైతే 240 కిలోలు, 300 కిలోలు. తేడా 25 శాతం, లెక్క సరిపోయింది. ఇప్పుడు ఆ తూకం ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. ప్రదర్శన పొలంలో క్షేత్రదినోత్సవం నాడు, అధికారుల ఎదుట, కాయలు దూసిన రెండో రోజో మూడో రోజో కాటా పెట్టి ఉంటారు. రైతు సొంత పొలం బుడ్డలు కళ్లంలో వారం ఎండి, వ్యాపారి వచ్చాక తూకమై ఉంటాయి. మొదటి దాంట్లో తేమ 20 శాతం, రెండోదాంట్లో 8 శాతం ఉందనుకోండి. 20 శాతం తేమతో ఉన్న 300 కిలోల్లో పొడి పదార్థం 240 కిలోలే. దాన్ని 8 శాతం తేమకి తెస్తే దాదాపు 261 కిలోలు అవుతుంది. అంటే 6 బస్తాలకి ఎదురుగా నిలబడేది 7.5 కాదు, ఆరున్నర. 25 శాతం కాస్తా 9 శాతం దగ్గరికి దిగింది. మీ తూకాలు ఇలాగే జరిగాయని కాదు. ఎలా జరిగాయో రాయకపోతే చదివేవాడు ఇలా జరిగిందనే అనుకుంటాడు.

పంట కోత ప్రయోగాల్లో పచ్చి తూకంతో పాటు ఎండిన తూకం కూడా రాస్తారు కదా. మీ 12 పొలాల్లో అలాంటి అంకె ఎన్నింటికి ఉందో డైరీ తీసి చూడండి. ఏడింటికే ఉంటే "ఏడు పొలాల్లో, ఎండిన కాయ తూకంతో" అని రాయండి. 12 నుంచి 7కి తగ్గిందని దిగులు పడకండి. ఎండిన తూకం ఉన్న ఏడు పొలాలే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

తూకం సరిపోయినా ఇంకో చిక్కు ఉంది, అది పెద్దది. మీరు ఒక్కసారే మూడు మార్చారు: రకం, విత్తనశుద్ధి, జిప్సం. ఎక్కువ దిగుబడి ఏ ఒక్కదాని వల్ల వచ్చిందో ఆ ప్రదర్శన చెప్పలేదు, చెప్పడానికి వేసిందీ కాదు. పైగా మీకు తెలియకుండా నాలుగోది కూడా మారి ఉంటుంది. ప్రదర్శనకి ఒప్పుకునే రైతు ఎలాంటివాడు? సొంత ట్రాక్టరో, కనీసం పిలిస్తే వచ్చే ట్రాక్టరో ఉన్నవాడు. వాన పడ్డ మర్నాడే మంచి పదునులో గొర్రు తోలగలడు. పక్క పొలం రైతు బాడుగ ట్రాక్టరు కోసం నాలుగు రోజులు ఆగి, పదును ఆరిపోయాక విత్తి ఉంటాడు. ఎర్ర ఇసుక నేలలో నాలుగు రోజులు ఆగితే మొలకలో ఎంత తేడా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కొత్త రకం గెలిచిందా, తొందరగా విత్తడం గెలిచిందా?

ఇదంతా వింటే ఆ అనుభవాన్నే ఎస్‌ఓపీలోంచి తీసేయాలేమో అనిపించొచ్చు. తీయకండి. నా అభిప్రాయంలో, నాలుగేళ్లు పొలాల్లో తిరిగిన మనిషి దగ్గర ఉండే విలువైన వస్తువు దిగుబడి శాతం కాదు. "ఈ తేడా దేనివల్ల వచ్చిందో నేను విడదీయలేకపోయాను, విడదీయడం నేర్చుకోవడానికి వస్తున్నాను" అని చెప్పగలగడం. నేరుగా బీఎస్సీ నుంచి వచ్చినవాడు ఈ మాట అనలేడు, అన్నా అది పుస్తకం మాటలా ఉంటుంది. మీరంటే దాని వెనక 12 పొలాలు ఉంటాయి.

అయితే మూడింటిలో దేన్ని పట్టుకోవాలి? మూడూ పట్టుకుంటే పేరా మళ్లీ ప్యాకేజీ అయిపోతుంది. నన్నడిగితే జిప్సం. రకాల సంగతి బ్రీడింగ్ వాళ్లది, విత్తనశుద్ధి ప్లాంట్ పెథాలజీ వైపు లాగుతుంది. జిప్సం మాత్రం నేల, నీరు, పంట దశ మూడూ కలిసే చోట ఉంది. అచ్చమైన అగ్రానమీ అదే.

వానాకాలం వేరుశనగలో పూత మొదలై ఊడలు దిగే దశలో, 30–45 రోజుల మధ్య, ఎకరాకు 200 కిలోల జిప్సం సాళ్లలో చల్లి, గుంటక తోలి మట్టిలో కలపమని మనం చెప్తాం. కారణమూ తెలిసిందే. భూమిలోకి దిగిన కాయకి కాల్షియం వేళ్ల నుంచి ఆకుల మీదుగా తిరిగి రాదు. ఆకు నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి నీటితో పాటు కాల్షియం ఆకుకి చేరుతుంది. మట్టిలో ఉన్న కాయ ఆవిరి చేయదు కనుక తన చుట్టూ ఉన్న మట్టి నీటి నుంచే కాల్షియాన్ని నేరుగా పీల్చుకోవాలి. ఆ మట్టి పైనున్న 7–8 సెంటీమీటర్లే. అక్కడ కాల్షియం చాలకపోతే గింజ కట్టదు, లొట్ట కాయలు పడతాయి.

జులై మొదట్లో విత్తిన పైరుకి ఈ దశ ఆగస్టులో వస్తుంది. మన దగ్గర ఆగస్టులో బెట్ట కొత్తేమీ కాదు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. ఎకరాకు 200 కిలోలంటే చదరపు మీటరుకి సుమారు 50 గ్రాములు. జిప్సం లీటరు నీటిలో రెండున్నర గ్రాములకి కాస్త అటూఇటూగా కరుగుతుంది. అంటే వేసినదంతా కరగడానికి చదరపు మీటరుకి 20 లీటర్లు, అంటే 20 మిల్లీమీటర్ల వాన కావాలి. నీరు ప్రతి రేణువునీ తాకుతూ దిగదు కనుక నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది. అంతా కరగాల్సిన అవసరం లేదన్నదీ నిజమే, కానీ బొత్తిగా వాన లేకపోతే ఆ తెల్ల పొడి సాళ్లలో పొడిగానే పడి ఉంటుంది. "జిప్సం వేసినా లొట్ట తగ్గలేదు సార్" అని రైతు అన్న మాట మీ డైరీలో ఎక్కడో ఉండి తీరుతుంది. ఆ రైతు అబద్ధం చెప్పలేదు, సిఫారసూ తప్పు కాదు. మధ్యలో నీరు లేదు, అంతే.

మరి ముందే, విత్తేటప్పుడే వేస్తే? ఇసుక నేలలో జులై వానలకి కరిగి కాయ దిగే పొర కంటే కిందికి పోవచ్చు. ఆలస్యంగా వేస్తే కరగదు, తొందరగా వేస్తే నిలవదు. ఈ రెండింటి మధ్య ఏ వాన తీరులో ఏది మేలు అన్నది మంచి థీసిస్ ప్రశ్న. కొలవడానికి వీలైన ప్రశ్న కూడా: పై పొరలో తేమ, ఆ పొరలో కాల్షియం, చివర్లో లొట్ట కాయల శాతం, గింజ శాతం. 200 గ్రాముల కాయలు వలిచి గింజలు తూచడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

ఇందులో మీకు బాగా పనికొచ్చే వివరం ఒకటుంది. చాలామంది గమనించరు. మీరు నాలుగేళ్లూ పంచిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. కాల్షియం లేదు. పైగా నమూనా తీసేది 15 సెంటీమీటర్ల లోతు వరకు. అంటే మీరు కాల్షియం కోసం జిప్సం వేయమన్న ఏ పొలంలోనూ కాల్షియం ఎంతుందో మీకు తెలియదు. కాయ దిగే పొరని విడిగా పరీక్షించిందీ లేదు. జార్జియా రాష్ట్రంలో వేరుశనగకి ఊడలు దిగే పై 3 అంగుళాల మట్టిని ప్రత్యేకంగా తీసి, కాల్షియం చూసి, దాన్నిబట్టి జిప్సం వేయాలో వద్దో చెప్తారు. ఈ తేడాని ఒక్క వాక్యంలో పెట్టగలిగితే, జార్జియాలోనో అలబామాలోనో వేరుశనగ మీద పనిచేసే ప్రొఫెసర్ ఆ వాక్యం దగ్గర కచ్చితంగా ఆగుతాడు.

ఇంకో మెలిక కూడా ఉంది. జిప్సంలో కాల్షియంతో పాటు గంధకం ఉంటుంది, స్వచ్ఛమైనదైతే 18 శాతానికి పైగా. మీ రైతులు అడుగున వేసింది డీఏపీ అయితే అందులో గంధకం దాదాపు లేనట్టే. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి ఉంటే అందులో గంధకం 11 శాతం దాకా, పైగా కొంత కాల్షియం కూడా వచ్చేసి ఉంటుంది. కాబట్టి జిప్సం వేసిన చోట పైరు బాగుందంటే అది కాల్షియం పుణ్యమో గంధకం పుణ్యమో అడుగు ఎరువు తెలియకుండా చెప్పలేం. ఒక గుర్తు మాత్రం ఉంది. గంధకం లోటు ముందు లేత ఆకుల పసుపులో కనబడుతుంది. కాల్షియం లోటుకి ఆకుల్లో ఏమీ కనబడకపోయినా కాయ వలిస్తే లొట్ట బయటపడుతుంది. కొమ్మలు పచ్చగా ఉండి కాయలు లొట్టగా ఉన్న పొలం ఏదైనా గుర్తుంటే, ఎస్‌ఓపీలో దగ్గరగా చూపించాల్సింది ఆ ఒక్క పొలాన్నే.

ఇవన్నీ కలిపి ఆ పేరా ఎలా ఉండొచ్చో కింద రాస్తున్నా. చివరికి రాసేది ఇంగ్లీషులోనే అయినా, ముందు తెలుగులో తేల్చుకుంటే కార్యాలయ ఇంగ్లీషు చొరబడదు. అంకెలు ఉదాహరణకి పెట్టినవి, వాటి స్థానంలో మీ డైరీ అంకెలు రావాలి.

"దక్షిణ భారతంలో ఏడాదికి 550 మి.మీ. దాకా వాన పడే ఎర్ర ఇసుక నేలల్లో, వర్షాధారంగా వేరుశనగ పండించే రైతులతో నాలుగేళ్లు పనిచేశాను. ఒక సీజన్‌లో 12 పొలాల్లో ఒక్కోదాన్ని రెండుగా విడదీసి, ఒక సగంలో సిఫారసు చేసిన పద్ధతులు, మిగతా సగంలో రైతు సొంత పద్ధతి పెట్టించాను. ఎండిన కాయ తూకం ఏడు పొలాల్లోనే తీసుకోగలిగాను. వాటిలో ఐదింట సిఫారసు సగం ముందుంది, రెండింట తేడా లేదు. రకం, విత్తనశుద్ధి, జిప్సం కలిపి మార్చినందువల్ల ఏది పనిచేసిందో ఈ పొలాలు చెప్పలేవు. నన్ను పట్టి ఉంచింది ఆ రెండు పొలాలే. రెండింటిలోనూ ఊడలు దిగే సమయానికి ముందూ వెనకా మూడు వారాలు వాన లేదు, కోత నాడు జిప్సం సాళ్లలో తెల్లగా కనిపిస్తూనే ఉంది. మొక్క పచ్చగా ఉన్నా కాయలు చాలావరకు లొట్టగా ఉన్నాయి. మా ప్రాంతపు నేల పరీక్ష నివేదికల్లో కాల్షియం ఉండదు కనుక ఆ నేలల్లో లోటు ఉందో, ఉన్నది కాయకి అందలేదో నాకు తెలియలేదు. జిప్సం వేసే సమయాన్ని పంట దశని బట్టి కాక, కాయ దిగే పొరలోని తేమని బట్టి నిర్ణయించవచ్చా అన్నది నేను చదవాలనుకునే ప్రశ్న. ప్రయోగ రచన, నేలలో నీటి కదలిక ఈ రెండింటిలో నా చదువు దీనికి చాలదు."

ఈ పేరాలో "పెంచాను" అన్న మాట ఎక్కడా లేదు. ఐదు, రెండు అని విడదీసి చెప్పడం సగటు చెప్పడం కంటే నిజాయతీగా ఉంటుంది, ఏడు పొలాలకి సగటు పెద్దగా అర్థమయ్యేదీ కాదు. పొలాన్ని రెండుగా విడదీయడం చిన్న మాటలా కనిపించినా విలువైనది: ఒకే రైతు, ఒకే నేల, ఒకే విత్తిన తేదీ కాబట్టి ఆ రైతే ఒక బ్లాకు అవుతాడు. మీరు నిజంగా అలా చేసి ఉంటేనే రాయండి. ఒక రైతు పొలాన్ని పక్క రైతు పొలంతో పోల్చి ఉంటే "పక్క పొలాలతో పోల్చాను, విత్తిన తేదీలు వేరు" అని రాయండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

డైరీలో దిగుబడి అంకెలు సరిగ్గా లేకపోయినా మొక్కల లెక్క ఉండే అవకాశం ఉంది, పొలంబడి చేసి ఉంటే మరీనూ. విత్తిన 15 రోజులకి పొలంలో ఐదు చోట్ల 3 మీటర్ల సాలు కొలిచి మొక్కలు లెక్కపెట్టి ఉంటే చాలు. 30 × 10 సెం.మీ. దూరానికి ఆ 3 మీటర్లలో 30 మొక్కలు ఉండాలి. ఒక సగంలో 27, ఇంకో సగంలో 20 ఉన్నాయంటే చదరపు మీటరుకి 30, 22 మొక్కలన్నమాట. ఇలాంటి అంకెకి తేమ సమస్య లేదు, తూకం సమస్య లేదు, ఎవరూ కాదనలేరు. దిగుబడి తేడాలో కొంత భాగం ఇక్కడే మొదలైందని కూడా ఇది చెప్తుంది. అప్పుడు జిప్సం వాటా ఇంకా తగ్గుతుంది, ఆ సంగతి మీరే ముందు ఒప్పుకున్నట్టవుతుంది.

కొలతల విషయంలో ఎకరాలూ బస్తాలూ ఉంచకండి, ఎకరం అక్కడా ఉన్నదే అయినా సరే. ఎకరాకు 200 కిలోల జిప్సం అంటే హెక్టారుకు దాదాపు 500 కిలోలు. "ఒక బస్తా డీఏపీ" అన్నది అక్కడివాళ్లకి ఏమీ చెప్పదు. 50 కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం పి2ఓ5 రూపంలో 23 కిలోలు. ఎకరాకు ఒక బస్తా అంటే హెక్టారుకు 22, 57 కిలోలు. ఖరీఫ్ బదులు జూన్–అక్టోబర్ వానాకాలం అనండి. రైతు భరోసా కేంద్రం పేరు ఒక్కసారి రాసి, అది గ్రామస్థాయిలో ప్రభుత్వ వ్యవసాయ సేవా కేంద్రమని, మీ పరిధిలో ఎన్ని హెక్టార్లు, ఎంతమంది రైతులు అన్నది పక్కనే చెప్పండి.

మీ రెండో వాక్యం, "అవగాహన కల్పించాను", పూర్తిగా తీసేయండి. అది నెలవారీ నివేదికల భాష. క్రియేటెడ్ అవేర్‌నెస్, సెన్సిటైజ్డ్, బెనిఫిషియరీస్, ప్రోగ్రెసివ్ ఫార్మర్ లాంటి మాటలు మన శాఖ కాగితాల్లోంచి జారి ఎస్‌ఓపీలో పడుతుంటాయి. వాటిని చదివిన బయటివాడికి మీరు ఏం చేశారో తెలియదు. విత్తన పంపిణీ, ఈ-క్రాప్ నమోదు, ఎరువుల ఇండెంట్ ఇవన్నీ రెజ్యూమెలో ఒక్క వరుసలో ఉంటే చాలు. ఈ-క్రాప్‌కి ఒక్క మినహాయింపు ఇస్తాను: పొలం పొలం తిరిగి నమోదు చేసినప్పుడు విత్తిన తేదీలు రాసుకుని ఉంటే అది మంచి సమాచారం. కానీ అది శాఖది. అనుమతి లేకుండా పట్టికలు బయట పెట్టకండి, రైతుల పేర్లు, సర్వే నంబర్లు అసలే వద్దు. మీరు మీ చేత్తో డైరీలో రాసుకున్న లెక్కల సారాంశం సరిపోతుంది. చివరి సంవత్సరంలో చేసిన రావెప్‌ని ఈ ఉద్యోగ అనుభవంలో కలపొద్దు. అది చదువులో భాగం, ట్రాన్‌స్క్రిప్టులో ఎలాగూ కనిపిస్తుంది.

మిగతా ఎస్‌ఓపీ గురించి ఎక్కువ చెప్పను. చాలా చోట్ల రెండు పేజీల లోపే అడుగుతారు, పదాల పరిమితి ఒక్కో వర్సిటీకి ఒక్కోలా ఉంటుంది, చూసుకోండి. చిన్నప్పటి నుంచి వ్యవసాయమంటే ఇష్టమని, రాయలసీమ కరువుని చూసి చలించిపోయానని మొదలుపెట్టకండి. నేరుగా ఆ లొట్ట కాయల పొలంతో మొదలుపెట్టినా తప్పులేదు. ఓజీపీఏ తక్కువగా ఉంటే రెండు వాక్యాలు: ఏ సెమిస్టర్, ఎందుకు, తర్వాత ఎలా మారింది. స్టాటిస్టిక్స్ కోర్సులో మార్కులు బాగుంటే ఆ కోర్సు పేరు తప్పక చెప్పండి, మీ ప్రశ్నకి అదే ఆధారం.

ప్రొఫెసర్‌తో పొంతన చెప్పే పేరా దగ్గర చాలామంది వెబ్‌సైట్‌లోని పేపర్ల పేర్లు రెండు ఎక్కించి వదిలేస్తారు. దానికంటే ఆయన చివరి రెండు మూడు పేపర్లలో పద్ధతుల భాగం చదవండి. ప్రయోగాలు పరిశోధన క్షేత్రంలోనా, రైతుల పొలాల్లోనా? నీటిపారుదల ఉన్నచోటా, వానమీదా? నేల ఇసుకదా, బంకదా? జార్జియా వైపు వేరుశనగలో నీటిపారుదల ఎక్కువ. అక్కడ మీ ప్రశ్న "వాన లేకపోతే" అని కాక "తడి ఎప్పుడు ఇస్తే" అని మారుతుంది. కాన్సాస్‌కి వెళ్తే వర్షాధార సేద్యం మీద పని చాలా ఉంది, కానీ పంటలు గోధుమ, జొన్న. అప్పుడు జిప్సం ప్రశ్న వదిలి, నేల తేమ చూసి మేనేజ్‌మెంట్ నిర్ణయాలు తీసుకోవడం అన్న భాగాన్ని ముందుకి తేవాలి. ఒకే ఎస్‌ఓపీలో పేరు మార్చి పది చోట్లకి పంపితే ఈ తేడా బయటపడిపోతుంది. కంప్యూటర్ పంట మోడళ్లతో పనిచేసే ల్యాబ్ అయితే డిసాట్‌లో వేరుశనగ మోడల్ ఉందన్న సంగతి, విత్తిన తేదీ, రోజువారీ వాన, మొక్కల సాంద్రత మీ దగ్గర ఉన్నాయన్న సంగతి చెప్పడం పనికొస్తుంది. కానీ మోడల్ వాడటం వచ్చన్నట్టు మాట్లాడొద్దు.

"ఈ విషయం మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు" అన్న వాక్యం ఏ రూపంలోనూ ఉండకూడదు. వేరుశనగకి జిప్సం, కాల్షియం మీద దశాబ్దాల పరిశోధన ఉంది, ఆ చదివేవాడే కొంత చేసి ఉండొచ్చు. మీరు అడుగుతున్నది ఒక ఇరుకైన ప్రశ్న అని, మీ పొలాల పరిస్థితి నుంచి పుట్టిందని తెలిస్తే చాలు. అలాగే పూర్తి ప్రయోగ ప్రణాళిక, ఎన్ని ట్రీట్‌మెంట్లు, ఎన్ని రెప్లికేషన్లు అని రాయకండి. డబ్బు ఆయన ప్రాజెక్టుది, ప్రశ్నని ఆయన మారుస్తాడు. మారితే మారనిచ్చే మనిషిలా కనబడాలి మీరు.

చదువయ్యాక ఏం చేస్తారన్న దగ్గర "రైతులకి సేవ చేస్తాను" అని ఆపకండి. కృషి విజ్ఞాన కేంద్రంలో సబ్జెక్ట్ మ్యాటర్ స్పెషలిస్టు పోస్టుకి పీజీ కావాలి, బీఎస్సీతో దొరకదు. ప్రదర్శనలు వేసే వైపు నుంచి, ఏ ప్రదర్శన ఎలా వేయాలో నిర్ణయించే వైపుకి వెళ్లాలనుకుంటున్నానంటే మీ నాలుగేళ్లకీ ఈ రెండేళ్లకీ ముడి పడుతుంది. సిఫారసు లేఖల్లో ఒకటి మీ పై అధికారిది అయితే, "కష్టపడి పనిచేస్తాడు" అని కాక, మీరు సొంతంగా మొక్కలు లెక్కపెట్టి తూకాలు రాసుకున్న సంగతి రాయమని అడగండి. ఆ ఒక్క ముక్క మీ పేరాకి సాక్ష్యం.

గడువుకి ఇంకా నెలా రెండు నెలలు ఉంటే ఇంకో పని కూడా చేయొచ్చు. ఆ పొలాల్లో రైతు సొంత పద్ధతి పెట్టిన సగాల్లోకి, అంటే జిప్సం పడని చోటికి వెళ్లి, 0–8 సెం.మీ., 8–15 సెం.మీ. లోతుల నుంచి మట్టి విడివిడిగా తీయండి. ఒక్కో పొలంలో పది చోట్ల తీసి కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో చొప్పున సంచుల్లో కట్టి, లోతు, తేదీ రాసిన చీటీ లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. మార్పిడి అయ్యే కాల్షియం చూడమని ప్రత్యేకంగా అడగాలి. మామూలు నేల పరీక్ష అంటే మళ్లీ ఆ 12 అంశాలే చేసి పంపుతారు. జిప్సం వేసిన సగంలోంచి తీస్తే మాత్రం పోయినేడాది మిగులు కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది, అది వద్దు. ఫలితంలో కాల్షియం బాగానే ఉందని తేలితే నిరాశ పడకండి. పై పేరాలో "నాకు తెలియలేదు" అన్న వాక్యం స్థానంలో "పై పొరలో కాల్షియం ఇంత ఉంది, అయినా లొట్ట పడింది" అన్న వాక్యం వస్తుంది. అప్పుడు మీ ప్రశ్న జిప్సం నుంచి పూర్తిగా నీటివైపు జరుగుతుంది, ఏ ల్యాబ్‌లకి అప్లై చేయాలన్న జాబితా కూడా దాంతో పాటే మారుతుంది.